సెకండరీ పంపు హెడ్ లెక్కలో బైపాస్ లెగ్‌ల లాస్ కూడా కలపాలా?

సైట్ శేఖర్

నమస్కారం. మా బిల్డింగ్‌లో చిల్డ్ వాటర్ సెకండరీ పంపులు మార్చబోతున్నారు. కొత్త పంపుల హెడ్ ఎంత అనే దగ్గర ఆగిపోయాం.

ప్లాంట్ ఇది. 300 టన్నుల చిల్లర్లు మూడు. ఒక్కోదానికి గంటకు 165 క్యూబిక్ మీటర్లు ఇచ్చే ప్రైమరీ పంపు ఉంది, అవి ఫిక్స్‌డ్ స్పీడ్. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య డీకప్లర్ లైన్ ఉంది. సెకండరీలో రెండు పంపులు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై, అన్నింటికీ వీఎఫ్‌డీలు ఉన్నాయి. సెకండరీ డిజైన్ ఫ్లో 420. నాలుగు రైజర్లు, ప్రతి రైజర్ చివర సప్లైకీ రిటర్న్‌కీ మధ్య 40 ఎంఎం బైపాస్ లెగ్. ఇవి కాక ప్లాంట్ రూమ్‌లో సెకండరీ హెడర్ల మధ్య మోటరైజ్డ్ వాల్వ్‌తో 100 ఎంఎం బైపాస్ ఒకటుంది. పంపులకు వీఎఫ్‌డీలు లేని రోజుల్లో పెట్టింది, ఇప్పుడు వాల్వ్‌కి ఎప్పుడూ క్లోజ్ కమాండే.

పాత డిజైన్ షీట్‌లో హెడ్ ఇలా వేశారు: దూరపు ఏహెచ్‌యూ లూప్ 24 మీటర్లు, చిల్లర్ ఎవాపరేటర్ 5, బైపాస్ లెగ్‌లు 6, సేఫ్టీ 3, మొత్తం 38. ఇప్పుడున్న పంపులు ఒక్కోటి 210 ఫ్లో, 38 మీటర్లు. పంపు కర్వ్‌లో షటాఫ్ హెడ్ 46. వెండర్ మళ్ళీ 38కే కోట్ ఇచ్చాడు. నాకు మాత్రం ఆ 6 మీటర్ల మీద అనుమానం. ఇన్ని బైపాస్‌లు ఉన్నప్పుడు సిస్టమ్ కర్వ్ ఎలా గీయాలి?

ఇంకో సంగతి. లోడ్ తక్కువున్నా మూడో చిల్లర్ ఆన్ చేయాల్సి వస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు.

---

లక్ష్మి 88

బిల్డింగ్ ఎత్తు ఎంతండీ? నాలుగు రైజర్లంటే కనీసం పదంతస్తులైనా ఉంటుంది కదా. ఎత్తే 40 మీటర్లుంటే 24 మీటర్ల పంపు నీళ్ళు పైకి ఎలా ఎక్కిస్తుంది? నాకైతే 38 కూడా తక్కువే అనిపిస్తోంది.

---

నరేన్ ఎంఈపీ

లక్ష్మి గారూ, అది ఓవర్‌హెడ్ ట్యాంకు లెక్క. ఇది క్లోజ్డ్ లూప్. గిలకకి రెండు వైపులా సమానమైన బకెట్లు కట్టినట్టు, ఎక్కే నీటి బరువుని దిగే నీటి బరువు సరిచేస్తుంది. పంపు రాపిడిని మాత్రమే గెలవాలి. ఎత్తు కావాల్సింది ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ప్రెషర్ సెట్ చేయడానికి, పంపు కేసింగ్ ఎంత ప్రెషర్ తట్టుకోవాలో చూసుకోవడానికి.

---

రఘు పంప్స్

శేఖర్ బ్రదర్, వీఎఫ్‌డీ ఉండగా టెన్షన్ దేనికి? 38 మీటర్లది తీసుకోండి, ఎక్కువైతే స్పీడ్ తగ్గుతుంది. సగం ఫ్లో కావాలంటే సగం స్పీడ్, అంటే 25 హెర్ట్జ్. పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పంపుల ఎఫినిటీ సూత్రాలు అవే చెబుతాయి. హెడ్ తక్కువ పెట్టి రేపు పై ఫ్లోర్‌కి చల్లదనం రాకపోతే తిట్లు మీకే.

---

వసుధ హైడ్రానిక్స్

శేఖర్ గారూ, కొత్త పంపు సంగతికి ముందు మీ మూడో చిల్లర్ గొడవ చూద్దాం. నాకు రెండూ ఒకటేననిపిస్తోంది. మూడో చిల్లర్ ఆన్ చేయకముందు, రెండే నడుస్తున్నప్పటి మూడు టెంపరేచర్లు కావాలి: చిల్లర్ల నుంచి బయటికొచ్చే నీరు, డీకప్లర్ దాటాక సెకండరీ సప్లై హెడర్, సెకండరీ రిటర్న్. వాటితోపాటు వీఎఫ్‌డీ హెర్ట్జ్, డీపీ సెన్సర్ ఎక్కడుంది, సెట్ పాయింట్ ఎంత అన్నదీ చెప్పండి.

---

సైట్ శేఖర్

మేడమ్, బీఎంఎస్ ట్రెండ్‌లోంచి తీశాను. రెండు చిల్లర్లు ఆన్, లోడ్ 1600 కిలోవాట్ల దగ్గర ఉన్నప్పటివి ఇవి.

చిల్లర్ అవుట్‌లెట్ 7.0, సెకండరీ సప్లై హెడర్ 8.0, రిటర్న్ 11.2. రెండు సెకండరీ పంపులూ 48 హెర్ట్జ్. డీపీ సెన్సర్ ప్లాంట్ రూమ్‌లో హెడర్ల మీదే ఉంది, సెట్ పాయింట్ 3 బార్. సెకండరీ ఫ్లో మీటర్ ఎప్పటినుంచో పనిచేయడం లేదు.

రెండు చిల్లర్ల కెపాసిటీ 2100 కిలోవాట్లు. లోడ్ 1600 మాత్రమే. అయినా సప్లై 8 అయ్యేసరికి ఆపరేటర్ మూడోది ఆన్ చేసేస్తాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, పైనుంచి కంప్లెయింట్లు వస్తాయి.

---

వసుధ హైడ్రానిక్స్

ఫ్లో మీటర్ లేకపోయినా పర్లేదు, ఆ మూడు అంకెలే మీటర్.

చిల్లర్ల నుంచి 7.0లో బయల్దేరిన నీరు హెడర్‌కి చేరేసరికి 8.0 అయిందంటే దారిలో వెచ్చటి నీరు కలిసింది. అక్కడ కలవడానికున్న దారి డీకప్లర్ ఒక్కటే. అంటే డీకప్లర్‌లో నీరు రిటర్న్ వైపు నుంచి సప్లైలోకి ఉల్టా వస్తోంది. ఎంతొస్తోందో ఇలా తెలుస్తుంది:

```
ఉల్టా వాటా = (8.0 − 7.0) / (11.2 − 7.0) = 0.24
సెకండరీ ఫ్లో = 330 / (1 − 0.24) ≈ 433
```

330 అంటే నడుస్తున్న రెండు ప్రైమరీ పంపులు ఇచ్చేది. సెకండరీ లాగుతున్నది 433. తేడా 100 పైచిలుకు. ఆ మేరకు రిటర్న్ నీరు చిల్లర్ మొహం చూడకుండానే మళ్ళీ పైకి వెళ్తోంది. మూడో చిల్లర్ ఆన్ చేస్తే మీకు అందుతున్నది చల్లదనం కాదు, మూడో ప్రైమరీ పంపు ఇచ్చే 165 ఫ్లో. సప్లై సరిపోవడానికి అదే కారణం.

ఇక 1600 కిలోవాట్లకి, 5.5 డిగ్రీల తేడాతో కాయిల్స్‌కి నిజంగా కావాల్సింది 250 మాత్రమే. మిగతా 180 ఎటు పోతోందన్నది అసలు ప్రశ్న. మీ రైజర్ చివరి లెగ్‌లలో ఏ వాల్వులున్నాయి, ఎంత తెరిచి ఉన్నాయి?

---

సైట్ శేఖర్

పొద్దున పైకెక్కి చూశాను. నాలుగింటిలోనూ 40 ఎంఎం బ్యాలెన్సింగ్ వాల్వులు. నాలుగూ ఫుల్ ఓపెన్. ఒకదాని దగ్గర నిలబడితే ఈల వేసినట్టు సౌండ్ వస్తోంది. కమిషనింగ్ ట్యాగ్ ఏ వాల్వు మీదా లేదు.

---

పాత పంపు

ఆ ఈల వినగానే తెలిసిపోవాలి. ఇన్సులేషన్ కింద చేయి పెడితే సప్లై, రిటర్న్ రెండూ ఒకేలా చల్లగా ఉంటాయి చూడండి. మా దగ్గరా ఇదే జరిగింది. ఎండాకాలంలో ఎవరో పై ఫ్లోర్‌కి చల్లదనం రావట్లేదని ఆ వాల్వులు పూర్తిగా తిప్పేశారు. తిప్పిన చోట నీరు చల్లగానే ఉంటుంది కాబట్టి పని అయిందనుకుంటారు. మా ప్లాంట్‌లో ఇంకో వింత కూడా ఉంది, డీకప్లర్ మీద బటర్‌ఫ్లై వాల్వ్ ఉంది. దాన్ని ఒకాయన సగం మూశాడు. ఆ రోజు నుంచి ప్రైమరీ పంపు ఆంపియర్లు సెకండరీ స్పీడ్‌తోపాటు ఊగడం మొదలైంది.

---

నరేన్ ఎంఈపీ

పాత పంపు గారు చెప్పింది పట్టించుకోవాల్సిన విషయం. డీకప్లర్‌లో లాస్ దాదాపు లేనట్టే ఉండాలి. గరిష్ఠ ఫ్లోలో కూడా అర మీటరు లోపే ఉండేలా వేస్తాం. అది తెరిచి ఉన్నంతవరకే ప్రైమరీ, సెకండరీ ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఆ కారణంగానే ఎవాపరేటర్ 5 మీటర్లు సెకండరీ లెక్కలోకి రాకూడదు, అది ప్రైమరీ పంపు మోసే బరువు. శేఖర్ గారి షీట్‌లో ఆ 5ని రెండు చోట్లా వేసి ఉంటారు, చూసుకోండి.

---

సైట్ శేఖర్

నిజమే, ప్రైమరీ పంపు షీట్‌లోనూ ఎవాపరేటర్ ఉంది. అయితే 5 పోయింది. సేఫ్టీ సంగతి తర్వాత చూద్దాం. బైపాస్‌ల 6 మాటేమిటి? నీరు వాటిల్లోంచి కూడా వెళ్తోంది కదా, ఆ రాపిడి ఎవరు భరించాలి?

---

వసుధ హైడ్రానిక్స్

పంపే భరిస్తుంది, కానీ 24కి అదనంగా కాదు. కొంచెం ఓపిగ్గా రాస్తాను.

ముందు మీ 24ని రెండు ముక్కలు చేద్దాం. పంపు చుట్టూ వాల్వులు, స్ట్రైనర్, హెడర్లు, మెయిన్ పైపులు, రైజర్లు, ఫిట్టింగ్స్ ఒక ముక్క. చివరి ఏహెచ్‌యూ బ్రాంచ్, అంటే కాయిల్, కంట్రోల్ వాల్వ్, బ్యాలెన్సింగ్ వాల్వ్, చిన్న స్ట్రైనర్ ఇంకో ముక్క. మీ షీట్‌లో ఈ విభజన ఎలా ఉంది?

---

సైట్ శేఖర్

పంపు చుట్టూ 3, పైపులు 9, ఫిట్టింగ్స్ 3. ఇది 15. బ్రాంచ్‌లో కాయిల్ 3.5, కంట్రోల్ వాల్వ్ 3.5, బ్యాలెన్సింగ్ 1.5, స్ట్రైనర్ 0.5. ఇది 9.

---

వసుధ హైడ్రానిక్స్

చక్కగా ఉంది. ఇప్పుడు రైజర్ చివర నిలబడి చూడండి. సప్లై పైపుకీ రిటర్న్ పైపుకీ మధ్య అక్కడ 9 మీటర్ల తేడా ఉంది. ఆ రెండు పైపుల మధ్య ఏహెచ్‌యూ ఒకటి, బైపాస్ లెగ్ ఒకటి పక్కపక్కన ఉన్నాయి. రెండింటి మీదా పడేది అదే 9 మీటర్లు. ఒక నీటి బొట్టు ఏహెచ్‌యూలోంచైనా వెళ్తుంది, లెగ్‌లోంచైనా వెళ్తుంది, ఒకే చుట్టులో రెండింట్లోంచీ వెళ్ళదు. అలాంటప్పుడు 9కి 6 ఎలా కూడతాం?

అలాగని లెగ్‌ల ప్రభావం లేదని కాదు. అవి కూడేది హెడ్‌కి కాదు, ఫ్లోకి. ఆ అదనపు ఫ్లో మళ్ళీ మెయిన్ పైపుల్లోంచే నడవాలి కాబట్టి 15 మీటర్ల ముక్క ఉబ్బుతుంది. మీ హెడ్‌ని బైపాస్ పెంచేది ఈ దొడ్డిదారినే.

కర్వ్ గీయడం ఇలా. ముందు చివర ఉన్న డీపీని ఏదో ఒక విలువ అనుకోవాలి. ఆ డీపీకి ఏహెచ్‌యూల్లో ఎంత పోతుందో, లెగ్‌లలో ఎంత పోతుందో విడివిడిగా చూసి ఫ్లోలు కూడాలి. వచ్చిన మొత్తం ఫ్లోకి మెయిన్ పైపుల లాస్ వేసి, డీపీ మీద కూడాలి. అది కర్వ్ మీద ఒక చుక్క. డీపీ మార్చి మళ్ళీ ఇంకో చుక్క.

మీ ఇప్పటి లెగ్‌ల మీదే చేద్దాం. హెడర్ డీపీ 3 బార్, అంటే 30.6 మీటర్లు. 433 ఫ్లోకి హెడర్ నుంచి చివరిదాకా పైపుల్లో 12.7 పోతాయి. చివర మిగిలేది 17.9 మీటర్లు, డిజైన్‌లో ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు. 40 ఎంఎం బ్యాలెన్సింగ్ వాల్వ్ ఫుల్ ఓపెన్‌లో కేవీ 19 దగ్గర ఉంటుంది, మోచేతులూ టీలూ కలిపి లెగ్ మొత్తానికి 17 అనుకుందాం. అప్పుడు ఒక్కో లెగ్‌లో 22, నాలుగింట్లో 88. మీ కనిపించని 180లో దాదాపు సగం ఇదే.

అవే లెగ్‌లు ఫుల్ ఓపెన్‌గా ఉంచి ఫుల్ లోడ్‌కి వెళ్తే? చివర 9 మీటర్ల దగ్గర లెగ్‌లు 62 తాగుతాయి. కాయిల్స్ 420, మొత్తం 482.

```
పైపుల లాస్ = 15 × (482/420)² = 19.8
పంపు హెడ్  = 9 + 19.8 = 28.8
```

లెగ్‌లను ఒక్కోటి 3 ఫ్లోకి బిగిస్తే మొత్తం ఫ్లో 432.

```
పైపుల లాస్ = 15 × (432/420)² = 15.9
పంపు హెడ్  = 9 + 15.9 ≈ 25
```

మీ ప్రశ్నకి జవాబు ఆ రెండు అంకెల మధ్య ఉంది. వాల్వులు బిగించి ఉంటే బైపాస్‌లకయ్యే ఖర్చు ఒక్క మీటరు. వదిలేస్తే దాదాపు ఐదు. ఒక్క మాట: నాలుగు రైజర్లూ ఒకే దూరంలో ఉన్నట్టు లెక్కేశాను. దగ్గరి రైజర్ చివర డీపీ ఇంకా ఎక్కువుంటుంది, దాని లెగ్ ఇంకా ఎక్కువ తాగుతుంది.

---

లక్ష్మి 88

ఎత్తు సంగతి అర్థమైంది, థాంక్స్ నరేన్ గారూ. ఇంకో డౌట్. ఇంత నష్టమైతే ఆ లెగ్‌లు మొత్తం మూసేస్తే పోలా? అసలెందుకు పెట్టారు?

---

నరేన్ ఎంఈపీ

రాత్రిపూట అన్ని టూ-వే వాల్వులూ మూసుకుంటే పంపు మూసిన గొట్టంలోకి నెట్టినట్టవుతుంది, నీరు పంపులోనే చిలికి వేడెక్కుతుంది. రెండో కారణం, చివరి ఏహెచ్‌యూ పొద్దున తెరిచేసరికి పైపులో నీరు చల్లగా ఉండాలి. రెండింటికీ కొద్దిపాటి ఫ్లో చాలు. మొత్తం మూయడం నాకు నచ్చదు.

---

రఘు పంప్స్

సరే మేడమ్, 25 మీటర్లే కావాలనుకుందాం. నా మాట అదే కదా. ఇప్పుడున్న 38 మీటర్ల పంపునే 43 హెర్ట్జ్‌లో పెడితే సరి. సగం ఫ్లోకి 25 హెర్ట్జ్. పంపు మార్చాల్సిన పనే లేదు. వెండర్‌నై ఉండి ఇలా చెబుతున్నానంటే చూడండి.

---

వసుధ హైడ్రానిక్స్

రఘు గారూ, 43 దగ్గర మీరు కరెక్ట్. శేఖర్ గారి పంపు కర్వ్ నుంచి నాకూ 42.6 వచ్చింది. 25 దగ్గర మాత్రం కుదరదు.

సగం స్పీడ్‌కి సగం ఫ్లో అన్నది హెడ్ సున్నా నుంచి మొదలయ్యే సిస్టమ్ కర్వ్‌కి వర్తిస్తుంది. ఇక్కడ డీపీ సెన్సర్ చివర 9 మీటర్లు ఎప్పుడూ పట్టి ఉంచమంటోంది. కాబట్టి కంట్రోల్ కర్వ్ 9 దగ్గర మొదలవుతుంది. కాయిల్స్ 210, లెగ్‌లు 12, మొత్తం 222 అయినప్పుడు:

```
H = 9 + 15 × (222/420)² = 13.2
```

25 హెర్ట్జ్‌లో ఈ పంపు షటాఫ్ హెడ్డే 46లో నాలుగో వంతు, అంటే 11.5. కావాల్సింది 13.2. ఆ స్పీడ్‌లో వాల్వులు బార్లా తెరిచినా చివరి ఏహెచ్‌యూకి అందాల్సింది అందదు. ఒక్క పంపుతో నడిపితే 35 హెర్ట్జ్, రెండు పంపులతో నడిపితే 29 కావాలి. అందుకే పవర్ కూడా ఎనిమిదో వంతుకి పడిపోదు.

ఇది సెన్సర్ రైజర్ చివర ఉంటే. ఇప్పటిలా హెడర్ మీద 3 బార్ పట్టి ఉంచితే కర్వ్ 30 మీటర్ల దగ్గర మొదలై దాదాపు అడ్డంగా సాగుతుంది. అప్పుడు వీఎఫ్‌డీ పేరుకే ఉంటుంది. శేఖర్ గారి 48 హెర్ట్జ్ అదే చెబుతోంది. లోడ్ 60 శాతం, స్పీడ్ 96 శాతం.

---

పాత పంపు

హెడర్ మీద సెన్సర్ పెట్టేది వైరు ఖర్చు మిగుల్చుకోవడానికి. ప్రతి ప్లాంట్‌లో చూశాను. సెట్ పాయింట్ కూడా కంప్లెయింట్ వచ్చినప్పుడల్లా పైకే పోతుంది, కిందికి రావడం నేనైతే చూడలేదు.

---

సైట్ శేఖర్

అప్‌డేట్. ముందు లెగ్‌ల పని చేశాం. వాల్వుల మీదున్న టెస్ట్ పాయింట్లకి మానోమీటర్ పెట్టి, డిజైన్ డీపీకి ఒక్కోటి 3 వచ్చేలా బిగించాం. ఇప్పుడు చివర డీపీ ఎక్కువుండటం వల్ల 4 చూపింది, అలాగే వదిలేశాం. డీపీ సెట్ పాయింట్ ఇంకా ముట్టుకోలేదు.

ఇప్పుడు రెండు చిల్లర్లతో, అంతే లోడ్ దగ్గర: చిల్లర్ అవుట్‌లెట్ 7.0, సప్లై హెడర్ 7.2, రిటర్న్ 11.2, పంపులు 45.5 హెర్ట్జ్.

సప్లై బాగుపడింది. కానీ రిటర్న్ 11.2 దగ్గర కదల్లేదు. డెల్టా-టీ పెరుగుతుందని మా మేనేజర్‌కి చెప్పాను, ఆయన చిల్లర్ స్క్రీన్ చూసి ఏమీ మారలేదుగా అంటున్నారు.

---

వసుధ హైడ్రానిక్స్

చిల్లర్ స్క్రీన్‌లో మారదు, మారకూడదు కూడా. డీకప్లర్ ఉల్టా నడుస్తున్నంత కాలం చిల్లర్‌లోకి వెళ్ళేది అచ్చంగా సెకండరీ రిటర్న్ నీరే. దాని ఫ్లో 330, లోడ్ 1600, రెండూ మారలేదు. కాబట్టి చిల్లర్ మీద తేడా 4.2 గానే ఉంటుంది. మారేది సెకండరీ వైపు తేడా: 3.2 ఉండేది, 4.0 అయింది. మీ కొత్త అంకెలతో ఉల్టా వాటా 5 శాతం, సెకండరీ ఫ్లో 347. మేనేజర్ గారికి సప్లై హెడర్ ట్రెండ్ చూపించండి.

లెగ్‌లు బిగించినందుకు 72 తగ్గాలి, 86 తగ్గింది. మిగతాది బోనస్. సప్లై నీరు చల్లబడితే ఏహెచ్‌యూ వాల్వులు కొద్దిగా మూసుకుంటాయి. ఇన్నాళ్ళూ ఇదే తిరగబడి నడిచింది, వెచ్చటి సప్లై వల్ల వాల్వులు తెరుచుకుని, ఫ్లో పెరిగి, సప్లై ఇంకా వెచ్చబడింది.

ఇప్పుడు సెట్ పాయింట్ 2.2 బార్‌కి మెల్లగా దించండి. దించేటప్పుడు అన్నింటికంటే దూరపు ఏహెచ్‌యూ వాల్వ్ పొజిషన్ మీద ఒక కన్నేసి ఉంచండి. అది 100 శాతం దగ్గర కూర్చుని, గాలి టెంపరేచర్ అందకపోతే ఆగిపోండి.

---

సైట్ శేఖర్

దించాం. 2.2 దగ్గర దూరపు ఏహెచ్‌యూ వాల్వ్ 80 శాతం లోపే ఉంది, గాలి సరిపోతోంది. సప్లై హెడర్ 7.0, సెకండరీ రిటర్న్ 11.3, చిల్లర్ ఇన్‌లెట్ 11.2. పంపులు 39.5 హెర్ట్జ్. వీఎఫ్‌డీ డిస్‌ప్లేలో ఒక్కో పంపుకి 28 కిలోవాట్లు ఉండేది, ఇప్పుడు 15.

మూడో చిల్లర్ ఆఫ్‌లోనే ఉంది. ఆపరేటర్ ఇంకా నమ్మడం లేదు.

---

నరేన్ ఎంఈపీ

చిల్లర్ ఇన్‌లెట్ రిటర్న్ కంటే కాస్త చల్లగా ఉందంటే డీకప్లర్ ఇప్పుడు సప్లై నుంచి రిటర్న్‌కి నడుస్తోందన్నమాట, అలాగే ఉండాలి. సెకండరీ 320 దగ్గర వస్తోంది. లెగ్‌లు 16 తీసేసినా కాయిల్స్ వైపు 300. కావాల్సింది 250. మరి ఆ 50? ఆ 100 ఎంఎం హెడర్ బైపాస్ వాల్వ్ లీక్ అవుతుందేమో. క్లోజ్ కమాండ్ ఉంటే మూసుకున్నట్టు కాదు.

---

సైట్ శేఖర్

అది కూడా చూశాం. దాని పక్కనున్న ఐసొలేషన్ వాల్వ్‌ని చేత్తో పూర్తిగా మూసి అరగంట ఆగాం. పాస్ అవుతుంటే అదే డీపీకి పంపు స్పీడ్ తగ్గాలి కదా. హెర్ట్జ్‌లో తేడా కనిపించలేదు. దాని మీద అనుమానం పోయింది. కింది రెండు ఫ్లోర్లలో పాత ఏహెచ్‌యూలకి త్రీ-వే వాల్వులున్నాయని మాత్రం ఇప్పుడు తెలిసింది. డ్రాయింగ్‌లో అవి టూ-వే.

---

పాత పంపు

దొరికింది. త్రీ-వే వాల్వ్ అంటే అదో బైపాస్ లెగ్గే. పైగా ప్లాంట్‌కి దగ్గరి ఫ్లోర్లు, డీపీ అక్కడే ఎక్కువ.

---

నరేన్ ఎంఈపీ

50 మొత్తం దాని మీదే వేయడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. కాయిల్స్ మురికిగా ఉన్నా ఇదే లక్షణం, ఒకే చల్లదనానికి ఎక్కువ నీరు లాగుతాయి. త్రీ-వే బైపాస్ పోర్ట్ పైపు మూసి ఒకరోజు ట్రెండ్ చూస్తే గానీ తేలదు. ఇంకోటి, డీకప్లర్‌లో ఒక చెక్ వాల్వ్ పెడితే ఉల్టా ఫ్లో గొడవే ఉండదు, కొత్త పంపులతో పాటు అది కూడా అడగండి.

---

వసుధ హైడ్రానిక్స్

చెక్ వాల్వ్ దగ్గర నేను ఒప్పుకోను. సెకండరీ ఎక్కువ లాగినప్పుడు అది మూసుకుంటే సెకండరీ పంపులు ప్రైమరీ పంపులతో సిరీస్‌లో పడతాయి. ప్రైమరీ ఫ్లో డిజైన్ దాటి పెరుగుతుంది, ఎవాపరేటర్ లాస్ కూడా అప్పుడు సెకండరీ లెక్కలోకి వచ్చేస్తుంది. మనం ఇప్పటిదాకా గీసిన కర్వ్ ఆ పరిస్థితికి పనికిరాదు.

---

నరేన్ ఎంఈపీ

ప్రైమరీ కొంచెం పెరిగితే చిల్లర్‌కి నష్టం లేదు, దాని మ్యాగ్జిమమ్ ఫ్లో లిమిట్ లోపల ఉంటే చాలు. తక్కువ డెల్టా-టీ ఉన్న ప్లాంట్‌లో చిల్లర్‌ని పూర్తి లోడ్‌కి తేవడానికి అదే మార్గం. నేను పెట్టిన చోట బాగానే నడుస్తోంది.

---

వసుధ హైడ్రానిక్స్

ఎవాపరేటర్ లిమిట్, ప్రైమరీ మోటర్ ఆంపియర్లు రెండూ చూసుకుని పెట్టి ఉంటారు, కాదనను. లెక్కలు లేకుండా పెట్టమని శేఖర్ గారికి మాత్రం చెప్పలేను.

---

రఘు పంప్స్

చివరికి ఎంత పెట్టమంటారు? కోట్ మార్చి ఇవ్వాలంటే ఒక పాయింట్ కావాలి. 25 హెర్ట్జ్ సంగతి సరే, మార్జిన్ లేకుండా మాత్రం నేను పంపు ఇవ్వను. 30 మీటర్లు వేద్దామా?

---

వసుధ హైడ్రానిక్స్

నేనైతే ఒక్కో పంపు 216 ఫ్లో, 26 మీటర్లు అంటాను. కాయిల్‌కీ వాల్వ్‌కీ తీసుకున్న అంకెల్లోనే కొంత మార్జిన్ దాగి ఉంటుంది, మళ్ళీ పైన 20 శాతం వేస్తే పాత కథే. డ్యూటీ పాయింట్ పంపు బెస్ట్ ఎఫిషియెన్సీకి కొంచెం కుడి వైపు ఉండేలా ఎంచుకోండి, ఎక్కువ కాలం తక్కువ ఫ్లోలోనే నడుస్తుంది కాబట్టి స్పీడ్ తగ్గినప్పుడు పాయింట్ ఎడమకి జరుగుతుంది. ఒక్క పంపే నడిచేటప్పుడు కర్వ్ చివరికి వెళ్ళిపోకుండా మోటర్ సైజ్ చూసుకోండి. 75 శాతం ఎఫిషియెన్సీతో 20 కిలోవాట్ల షాఫ్ట్ పవర్ వస్తుంది, 22 కిలోవాట్ల మోటర్ అంచున పడుతుంది.

---

పాత పంపు

20కి 22 మోటర్ నేను పెట్టను. 30 పెట్టండి. వాల్వులు మళ్ళీ ఎవరో ఒకరు తిప్పేస్తారు.

---

సైట్ శేఖర్

రఘు గారూ, 216, 26 మీటర్లకి ఒకటి, 216, 28 మీటర్లకి ఒకటి, రెండు కోట్‌లు కర్వ్‌లతో సహా పంపండి. మోటర్ 22, 30 రెండింటికీ రేటు వేయండి. ఈలోగా డీపీ సెన్సర్‌ని దూరపు రైజర్ చివరికి మార్చడానికి కేబుల్ రూట్ చూస్తున్నాం. త్రీ-వే బైపాస్ పోర్ట్‌లు ముందుగా ఒక ఫ్లోర్‌లో మూసి, ట్రెండ్ వచ్చాక ఇక్కడే పెడతాను. లెగ్ వాల్వుల హ్యాండిళ్ళు తీసి స్టోర్‌లో పెట్టించాను.